హార్వెస్టర్ లెక్క: లోన్ మిత్తి ఎంత మార్చినా ఎంఐఆర్‌ఆర్ కదలడం లేదు

జమ్మికుంట_చైన్‌మిషన్
వచ్చే యాసంగి కోతలకల్లా చైన్ హార్వెస్టర్ తీసుకుందామని చూస్తున్నాను. మొత్తం 30 లక్షలు పడుతుంది. డీజిల్, డ్రైవర్, రిపేర్లు, పొలాలు చూపించే ఏజెంట్ కమీషన్ అన్నీ పోను మొదటి ఏడాది 12 లక్షలు, తర్వాత వరుసగా 11, 9, 7 మిగులుతాయని వేసుకున్నాను. ఐదో ఏడాది కోతల మీద మిగిలింది, మిషన్ అమ్మితే వచ్చేది కలిపి 9. డీలర్ తన షీట్‌లో ఐఆర్‌ఆర్ 19.7 శాతం చూపించి, "11 శాతానికి లోన్, 20 శాతం రాబడి, ఇంకా ఏం ఆలోచిస్తారు" అన్నాడు.

మా బావమరిది ఎంఐఆర్‌ఆర్ కూడా చూడమన్నాడు. వచ్చిన పైసలు ఎఫ్‌డీలో వేస్తాను కాబట్టి 7 శాతం పెట్టి ఇలా కొట్టాను:

```
=MIRR(B2:B7, 11%, 7%)
```

13.3 వచ్చింది. ఇంకో ఫైనాన్స్ వాళ్లు 14 అడుగుతున్నారని 11 తీసేసి 14 పెట్టాను. మళ్లీ 13.3. పంతానికి 18 పెట్టాను. అదే 13.3. లోన్ మిత్తి పెరిగితే లాభం తగ్గాలి కదా? షీట్‌లో తప్పుందా?

కాజీపేట_డీజిల్‌షెడ్
ఆటోమేటిక్ కాలిక్యులేషన్ ఆఫ్‌లో ఉందేమో. F9 కొట్టి చూడు.

జమ్మికుంట_చైన్‌మిషన్
కొట్టాను అన్నా. 7 తీసి 6 పెడితే 12.8కి దిగుతోంది. అంటే షీట్ నడుస్తోంది. లోన్ మిత్తి గడి ఒక్కటే పట్టించుకోవడం లేదు.

హన్మకొండ_ఆడిట్
షీట్ బాగానే ఉంది. ఆ గడి ఏం చేస్తుందో చూస్తే సంగతి తేలిపోతుంది.

ఎంఐఆర్‌ఆర్ రెండు పనులు చేస్తుంది. వచ్చే పైసలన్నిటినీ ఎఫ్‌డీ రేటుతో ఐదో ఏడాది చివరికి మోసుకెళ్తుంది. పోయే పైసలన్నిటినీ లోన్ రేటుతో ఈ రోజుకి వెనక్కి తెస్తుంది. తర్వాత ఈ రోజు పెట్టింది ఐదేళ్లలో అంత కావాలంటే ఏడాదికి ఎంత శాతం పెరగాలో చెబుతుంది. నీ లెక్కలో పోయేది ఒక్క 30 లక్షలే, అదీ ఈ రోజే పోతోంది. ఈ రోజు పోయేదాన్ని ఈ రోజుకే వెనక్కి తేవడానికి ఏ రేటైతే ఏంటి, 30 ముప్పైగానే ఉంటుంది. అందుకే 11 పెట్టినా 18 పెట్టినా కదలదు.

వచ్చే వైపు చూడు. మొదటి ఏడాది 12 లక్షలు నాలుగేళ్లు 7 శాతంతో పెరిగి 15.73 అవుతాయి. 11 లక్షలు 13.48, 9 లక్షలు 10.30, 7 లక్షలు 7.49, చివరి 9 అలాగే. అన్నీ కలిపితే సరిగ్గా 56 లక్షలు. 30 ఐదేళ్లలో 56 కావాలంటే ఏడాదికి 13.3 శాతం. నీ షీట్ చెప్పింది ఇదే.

పరకాల_మిర్చి
అందుకే నేను ఐఆర్‌ఆర్‌ని నమ్మను. వచ్చిన ప్రతి రూపాయీ మళ్లీ 19.7 శాతానికే పెరుగుతుందని అది అనుకుంటుంది. జమ్మికుంటలో 19.7 ఇచ్చే ఎఫ్‌డీ ఎక్కడుంది? అది దొంగ లెక్క. ఎంఐఆర్‌ఆర్ ఒక్కటే నిజం, 13.3 పట్టుకుని కూర్చో తమ్మీ.

హన్మకొండ_ఆడిట్
సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. ఐఆర్‌ఆర్ ఏమీ అనుకోదు. మిషన్‌లో ఇంకా ఇరుక్కుని ఉన్న పైసల మీద రేటు ఎంతో అది చెబుతుంది, అంతే. 30 లక్షల మీద 19.74 శాతం మిత్తి కట్టి 12 తీసేయండి, 23.92 మిగులుతుంది. దాని మీద మిత్తి కట్టి 11 తీసేస్తే 17.64. అలాగే 12.13, తర్వాత 7.52. ఐదో ఏడాది మిత్తితో కలిపి అది 9 అవుతుంది, ఆ 9 కూడా వచ్చేస్తుంది, ఖాతా సున్నా. ఇందులో ఎక్కడా ఎఫ్‌డీ లేదు, మళ్లీ పెట్టడమూ లేదు. 19.74 శాతానికి అప్పు తెచ్చి మిషన్ కొంటే రూపాయి లాభం లేకుండా, రూపాయి నష్టం లేకుండా బయటపడతావని దాని అర్థం. ఇది నిజమే.

డీలర్ మాట ఎక్కడ పక్కదారి పడుతుందంటే, 30 లక్షలు మొత్తం ఐదేళ్లూ 19.7తో పెరుగుతాయన్నట్టు వినిపిస్తాడు. అలా పెరిగితే ఐదో ఏడాదికి చేతిలో 73.8 లక్షలు ఉండాలి. ఎఫ్‌డీ దారిలో ఉండేది 56. దాదాపు 18 లక్షల తేడా. ఆ తేడా మిషన్‌ది కాదు, బయటికొచ్చిన పైసలు ఎక్కడ పడుకున్నాయన్న దాన్నిబట్టి వచ్చింది.

పరకాల_మిర్చి
మళ్లీ పెట్టే రేటు గురించే నేనూ చెప్పింది సార్. మాట వేరు, సంగతి ఒకటే.

హన్మకొండ_ఆడిట్
ఒకటి కాదు. ఐఆర్‌ఆర్ దొంగ లెక్క అన్నారు. అది వేరే ప్రశ్నకు సరైన జవాబు.

ములుగు_రోడ్డు_ట్రాక్టర్
11 శాతం అంటే ఫ్లాటా, రెడ్యూసింగా? ముందు అది అడుగు తమ్మీ. నాకు ట్రాక్టర్ తీసుకున్నప్పుడు "8 శాతమే" అన్నారు. అసలు తగ్గుతున్నా మొదటి రోజు మొత్తం మీదే మిత్తి వేశారు. ఐదేళ్ల నెలవారీ కిస్తీల్లో ఆ 8 శాతం ఫ్లాట్ అంటే నిజానికి 14 చిల్లర. మా వాళ్లందరికీ ఇదే జరిగింది.

జమ్మికుంట_చైన్‌మిషన్
రెడ్యూసింగే అన్నా, శాంక్షన్ లెటర్‌లో రాసి ఉంది. నా ప్రశ్న అది కాదు కానీ 14 వాళ్లను మాత్రం ఇదే అడుగుతాను.

మిత్తి_లెక్కల_రాజన్న
ఎఫ్‌డీలో ఎవరు వేస్తారు? సీజన్ పైసలు రాగానే ఊళ్లో రెండు రూపాయల మిత్తికి తిప్పుకోవచ్చు. ఏడాదికి 24 శాతం. 7 ఉన్న చోట 24 పెట్టు, ఎంఐఆర్‌ఆర్ ఎంతొస్తుందో చూడు.

జమ్మికుంట_చైన్‌మిషన్
21.9 వచ్చింది! డీలర్ చెప్పిన దానికంటే ఎక్కువ.

హన్మకొండ_ఆడిట్
ఎక్కువే వస్తుంది. ఎంఐఆర్‌ఆర్ ఎప్పుడూ మిషన్ రాబడిని, నువ్వు పెట్టిన రెండో రేటును కలిపి చూపిస్తుంది. రెండో రేటు 19.7 కంటే కింద ఉంటే కిందికి లాగుతుంది, పైన ఉంటే పైకి తోస్తుంది. ఇప్పుడు నువ్వు చూస్తున్న 21.9లో కొంత హార్వెస్టర్‌ది, కొంత రాజన్న గారి వడ్డీ వ్యాపారానిది. 24 కాగితం మీద రాసుకున్నంత తేలిక, వసూలు కాదు. ఆ పైసలు ఒక యాసంగి ఎండితే ఆగిపోతాయి. ఆ రిస్క్‌ని మిషన్ ఖాతాలో రాయొద్దు.

మిత్తి_లెక్కల_రాజన్న
నాకు ఇప్పటిదాకా ఆగలేదు సార్.

ములుగు_రోడ్డు_ట్రాక్టర్
రాజన్నా, నీ దగ్గర తీసుకున్నవాళ్లు ఈ థ్రెడ్ చదువుతుంటారు, జాగ్రత్త 🙂

మెట్‌పల్లి_లోన్‌డెస్క్
బ్యాంకులో వ్యవసాయ లోన్లు చూస్తాను. ఒక పెద్ద విషయం ఎవరూ అనలేదు. తమ్ముడూ, నీకు 11 శాతం అప్పు ఉన్నప్పుడు, చేతికొచ్చిన పైసలు 7 శాతం ఎఫ్‌డీలో ఎందుకు వేస్తావు? అప్పు కట్టెయ్. అప్పుడు ఆ రూపాయి సంపాదించేది 7 కాదు, 11. నీకు తప్పిన మిత్తే నీ సంపాదన. రెండు గడుల్లోనూ 11 పెట్టి చూడు, 15.3 వస్తుంది. అదే మిషన్, అదే కోతలు, 13.3 నుంచి 15.3.

రూపాయల్లో చెబుతాను, శాతాలు తలకెక్కవు. లెక్క తేలిక కోసం 30 మొత్తం లోనే అనుకుందాం (నిజానికి మార్జిన్ నువ్వు పెట్టుకోవాలి). ఒక దారి: ఐదేళ్లూ అన్నీ ఎఫ్‌డీలో వేసి చివర్లో ఒకేసారి కడతావు. ఎఫ్‌డీలో 56, బాకీ 50.55. నీకు మిగిలేది 5.45 లక్షలు. ఇంకో దారి: వచ్చింది వచ్చినట్టు లోన్‌కే కడతావు. బాకీ మొదటి ఏడాది చివరికి 21.3, తర్వాత 12.64, తర్వాత 5.03, నాలుగో ఏడాది తీరిపోయి ఇంకా 1.41 లక్షలు చేతిలో ఉంటాయి. వాటిని ఎఫ్‌డీ చేసి ఐదో ఏడాది 9 కలిపితే 10.5 లక్షలు. ఐదు లక్షల తేడా.

పరకాల_మిర్చి
అక్కా, ఇలా ఎవరు కడతారు? బ్యాంకు వాళ్లే కిస్తీలు పెడతారు కదా. చివర్లో ఒకేసారి అనే దారే ఉండదు.

మెట్‌పల్లి_లోన్‌డెస్క్
నిజమే, అందుకే ఆ రెండూ రెండు అంచులు. మధ్యలో ఉండేది కిస్తీ. 30 లక్షలు, 11 శాతం, ఐదు సమాన ఏడాది కిస్తీలంటే ఒక్కోటి 8.12 లక్షలు. మొదటి ఏడాది 12లో 8.12 బ్యాంకుకు పోతుంది, 3.88 మాత్రమే ఎఫ్‌డీకి వెళ్తుంది. రెండో ఏడాది 2.88, మూడో ఏడాది 0.88. నాలుగో ఏడాది 7 వస్తుంది, కిస్తీకి 1.12 తక్కువ, ఎఫ్‌డీ నుంచి తీయాలి. చివరికి చేతిలో 9.3 లక్షలు.

అంటే నీ పైసల్లో ఎక్కువ భాగం 11 దగ్గరే పని చేస్తోంది, కిస్తీ పోను మిగిలిన ముక్క మాత్రమే 7 దగ్గర ఉంది. ఎంఐఆర్‌ఆర్‌లో రెండో రేటుకు ఒక్క గడే ఉంటుంది, ఈ రెండు రకాల రూపాయల్ని అది విడదీయలేదు. 7 పెడితే మరీ తక్కువ చూపిస్తుంది, 11 పెడితే కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఆ నాలుగో ఏడాది మాత్రం కాగితం మీద గుర్తు పెట్టుకో. ముందు రెండేళ్ల పైసలు ఇంటికో, పెళ్లికో పోతే అక్కడే కిస్తీ ఆగుతుంది. మా దగ్గరికి వచ్చే హార్వెస్టర్ ఖాతాల్లో నేను చూసే ఇబ్బంది ఎక్కువగా చివరి రెండేళ్లలోనే.

జమ్మికుంట_చైన్‌మిషన్
అక్కా, ఇది నాకు సూటిగా తగిలింది. చెల్లె పెళ్లి రెండో ఏడాదే అనుకుంటున్నాం.

ఇంకో డౌట్. 14 శాతం వాళ్ల దగ్గర తీసుకుంటే? ఎంఐఆర్‌ఆర్ 13.3, మిత్తి 14. అంటే నష్టమేనా? కానీ 14తో ఎన్‌పీవీ వేస్తే, అంటే వచ్చే పైసలన్నిటినీ ఈ రోజు విలువకు తెచ్చి 30 తీసేస్తే, ప్లస్ 3.88 లక్షలు చూపిస్తోంది. ఒకటి వద్దంటోంది, ఒకటి కొనుక్కోమంటోంది.

కాజీపేట_డీజిల్‌షెడ్
ఇది మంచి ప్రశ్న. నాకూ జవాబు కావాలి.

హన్మకొండ_ఆడిట్
రెండూ వేరు వేరు దారుల లెక్కలు. 14తో ఎన్‌పీవీ వేసినప్పుడు, తిరిగొచ్చిన ప్రతి రూపాయీ 14 విలువ చేస్తుందన్నట్టు లెక్క కడుతున్నావు, అంటే ఆ రూపాయి 14 శాతం అప్పునే తీరుస్తోందన్నట్టు. ఎంఐఆర్‌ఆర్‌లో మాత్రం ఆ రూపాయిని 7 దగ్గర పడుకోబెట్టావు. రెండు గడుల్లోనూ 14 పెట్టు, 16.8 వస్తుంది, 14 కంటే పైనే. ఎన్‌పీవీతో గొడవ తీరిపోతుంది. రెండు రేట్లూ ఒకటైనప్పుడు ఈ రెండూ ఎప్పుడూ ఒకే మాట చెబుతాయి. వేరైతేనే తగాదా.

7 ఉంచితే వచ్చే 13.3 కూడా అబద్ధం కాదు. 30 లక్షల బాకీ 14తో ఐదేళ్లకు 57.8 అవుతుంది. ఎఫ్‌డీలో ఉండేది 56. ఆ దారిలో వెళ్తే నిజంగానే 1.8 లక్షలు జేబులోంచి పోతాయి.

మెట్‌పల్లి_లోన్‌డెస్క్
ఆ 1.8 లక్షలు మిషన్ మీద రాయడం నాకు నచ్చదు సార్. అప్పు పెట్టుకుని ఎఫ్‌డీ వేసుకున్న పద్ధతిది ఆ నష్టం. మిషన్ మంచిదా కాదా అన్నది ఎన్‌పీవీతో చూడాలి, పైసలు ఎక్కడ పెట్టాలన్నది వేరే నిర్ణయం. రెండూ ఒకే శాతంలో కలిపేస్తే ఏది తప్పో తెలియకుండా పోతుంది.

హన్మకొండ_ఆడిట్
నేను ఒప్పుకోను. ఈ మనిషి నిజంగా ఏం చేస్తాడో దాన్నిబట్టే ఫలితం ఉంటుంది. ఫైనాన్స్ వాళ్లు ముందస్తుగా కడితే పెనాల్టీ వేసినా, అసలు తీసుకోకపోయినా మిగులు 7 దగ్గరే ఉండాలి. అప్పుడు మిషన్‌ని, పైసల దారిని విడదీసి చూడటం కాగితం మీదే కుదురుతుంది.

మెట్‌పల్లి_లోన్‌డెస్క్
కుదరకపోతే ఆ పెనాల్టీని కూడా ఎన్‌పీవీలో ఖర్చుగా రాయండి. రేటులో దాచొద్దు. ఇక్కడ మనిద్దరం కలవం సార్.

పరకాల_మిర్చి
నాకు ఒకటి అర్థం కాలేదు. లోన్ గడి ఎలాగూ ఏమీ చేయకపోతే ఎక్సెల్ వాళ్లు దాన్ని ఎందుకు పెట్టినట్టు?

హన్మకొండ_ఆడిట్
మధ్యలో ఎప్పుడైనా జేబులోంచి పైసలు పోతే అప్పుడు పని చేస్తుంది. మూడో ఏడాది గడ్డి కట్టే బేలర్, దానికి ట్రాక్టర్ కలిపి 15 లక్షలు పెట్టావనుకుందాం. ఆ ఏడాది కోతల మీద 9 వస్తుంది, నికరంగా మైనస్ 6. తర్వాత రెండేళ్లు 12, 16 వస్తాయనుకో. ఇప్పుడు 11, 7 పెట్టి చూడు. తర్వాత 14, 7 పెట్టు.

జమ్మికుంట_చైన్‌మిషన్
11కి 11.0 వచ్చింది. 14కి 11.3! లోన్ మిత్తి పెంచితే రాబడి పెరిగిందా? ఇదేం లెక్క సార్?

పరకాల_మిర్చి
అయితే ఎంఐఆర్‌ఆర్ కూడా దొంగదే.

హన్మకొండ_ఆడిట్
అందరూ పొరబడేది ఇక్కడే. ఆ గడికి పేరు `finance_rate`, చూడగానే అప్పు ఖర్చు అనిపిస్తుంది. కానీ ఫార్ములా దాన్ని వాడేది ఒకే పనికి: మూడో ఏడాది పోయే 6 లక్షలు ఈ రోజు విలువలో ఎంత. 11తో 4.39 లక్షలు, 14తో 4.05. రేటు పెరిగిన కొద్దీ రాబోయే ఖర్చు చిన్నగా కనిపిస్తుంది, పెట్టుబడి తగ్గినట్టవుతుంది, శాతం పెరుగుతుంది. నీ లోన్ మిత్తి ఎంత కడుతున్నావో ఇందులో ఎక్కడా లేదు.

ఆ 6 లక్షలు నిజానికి ఎక్కడి నుంచి వస్తాయో ఆలోచించు. మొదటి రెండేళ్ల ఎఫ్‌డీ నుంచే కదా? అయితే ఆ గడిలోనూ 7 పెట్టడమే న్యాయం. అప్పుడు 10.7. మూడింటిలో అదే తక్కువ, నేనైతే దాన్నే చూస్తాను. 14 పెట్టాలంటే, 14 ఇచ్చే చోట ఈ రోజే 4.05 లక్షలు పక్కన పెట్టగలగాలి. అలాంటి చోటు ఉంటే హార్వెస్టర్ ఎందుకు?

మెట్‌పల్లి_లోన్‌డెస్క్
ఈ ముక్కలో మాత్రం సార్‌తో పూర్తిగా ఏకీభవిస్తాను. ప్రాజెక్ట్ రిపోర్టుల్లో మధ్యలో పెట్టుబడి ఉంటే, ఆ గడిలో పెద్ద రేటు పెట్టి శాతం అందంగా చేసినవి నా టేబుల్ మీదికి వచ్చాయి. అప్పు మిత్తి పెంచి చూడండి, శాతం పెరిగిందంటే ఆ రిపోర్టును ఎంఐఆర్‌ఆర్‌తో నిర్ణయించొద్దు.

కాజీపేట_డీజిల్‌షెడ్
చిన్న మాట. వానాకాలం, యాసంగి విడివిడిగా ఆరు నెలలకో గడి వేస్తే రేట్లు కూడా సగం చేసుకోవాలి, 7కి బదులు 3.5. వచ్చే శాతం కూడా ఆరు నెలలదే. ఇంకోటి, పని లేని సీజన్ గడి ఖాళీగా వదలొద్దు, 0 కొట్టాలి. ఖాళీ గడిని ఎక్సెల్ లెక్కలోంచి తీసేస్తుంది, కాలం కుదించుకుపోయి శాతం పెరిగిపోతుంది. మా షెడ్ సొసైటీ లెక్కల్లో ఇది చూశాను.

జమ్మికుంట_చైన్‌మిషన్
బేలర్ ఇప్పట్లో లేదు. 14 వాళ్లను వదిలేశాను. బ్యాంకులో అడిగితే ముందస్తుగా కట్టడానికి చార్జీ లేదన్నారు, రాసి ఇమ్మన్నాను. కిస్తీలు ఏప్రిల్‌లో కాకుండా కోతల పైసలు వచ్చాక జూన్‌లో పెట్టమని కూడా అడిగాను.

ములుగు_రోడ్డు_ట్రాక్టర్
అన్నీ బాగున్నాయి కానీ మీరంతా ఆ 12, 11ని కదపకుండా రేట్ల మీదే కొట్టుకున్నారు. మా వైపు రెండేళ్లలో మిషన్లు ఎంత పెరిగాయో చూశారా? గంట కిరాయి తగ్గించి పిలుస్తున్నారు. ముందు నిజామాబాద్ వైపు కోతలు అందుకుని, తర్వాత మన వైపు వచ్చేవాడికే గంటలు ఎక్కువ పడతాయి. ఒక్క ఊరు నమ్ముకుంటే 12 రాదు.

జమ్మికుంట_చైన్‌మిషన్
బోధన్ వైపు ఒక ఏజెంట్‌తో మాట్లాడాను అన్నా, ఆ గంటలు వేసుకునే 12 రాశాను. నా భయం ఐదో ఏడాది అమ్మకం మీద. 9కి బదులు 6 వస్తే?

హన్మకొండ_ఆడిట్
7 శాతం ఎఫ్‌డీతో అయితే 13.3 కాస్తా 12.1 అవుతుంది. వచ్చిన పైసలతో లోన్ ముందే తీరుస్తూ పోతే చివర్లో చేతిలో 10.5కి బదులు 7.5 లక్షలు.

జమ్మికుంట_చైన్‌మిషన్
ఐదు యాసంగిలు, ఐదు వానాకాలాలు నడిచిన చైన్ మిషన్‌ని ఈ మధ్య ఎవరైనా అమ్మారా? ఎన్ని గంటలు తిరిగింది, ఎంతకు పోయింది చెప్పండి. డీలర్ మాట కాదు, చేతికి వచ్చిన పైసలు కావాలి.

మిత్తి_లెక్కల_రాజన్న
మా హుజూరాబాద్‌లో ఒకాయన పోయిన నెలే అమ్మాడు. రాత్రికి అడిగి చెబుతా తమ్మీ.